400 బస్తాలు, 400 కిలోలు

భీమవరం పరిసరాల్లో చేపలకూ రొయ్యలకూ మేత తయారుచేసే మిల్లులు చాలా ఉన్నాయి. అలాంటి ఒక మిల్లులో కొనుగోళ్లు, గోదాము, ఉత్పత్తి, అకౌంట్లు అన్నింటినీ ఒకే కంప్యూటర్ వ్యవస్థలోకి తెచ్చారనుకుందాం. దాన్నే ఈఆర్పీ అంటారు. జర్మనీకి చెందిన ఎస్ఏపీ సాఫ్ట్‌వేర్ మన పెద్ద ఫ్యాక్టరీల్లో తరచుగా కనిపిస్తుంది కాబట్టి ఉదాహరణకు దాన్నే తీసుకుంటాను.

కొత్త వ్యవస్థ మొదలై నాలుగో రోజు. రాత్రి పదకొండున్నరకు నూనె తీసిన తవుడుతో లారీ వచ్చింది. డెలివరీ చలానులో 400 బస్తాలని ఉంది. కాటా చీటీలో నికర బరువు 19,640 కిలోలు. స్టోర్స్ గుమాస్తా MIGO అనే తెర తెరిచి కొనుగోలు ఆర్డరు నంబరు కొట్టాడు. పరిమాణం గడిలో 20,000 అనే అంకె దానంతటదే వచ్చి కూర్చుంది. ఆయన చేతిలోని చలానులో 400 ఉంది. ఈ అంకె తప్పనుకుని తుడిచేసి, 400 టైపు చేసి Post నొక్కాడు. ఆ గడి పక్కన చిన్న అక్షరాల్లో KG అని ఉంది. ఏళ్ల తరబడి రిజిస్టరులో బస్తాల లెక్కే రాసిన మనిషికి అది కంట పడలేదు.

కంప్యూటరు అభ్యంతరం చెప్పలేదు. పత్రం నంబరు ఇచ్చింది, పచ్చ గుర్తు చూపించింది. లెక్క తేలికగా ఉండటానికి తవుడు కిలో 15 రూపాయలనుకుందాం. గోదాములో 2,94,600 రూపాయల సరుకు దిగితే పుస్తకాల్లో 6,000 రూపాయల సరుకు చేరింది.

తెల్లవారి ఉత్పత్తి విభాగం సూపర్‌వైజరు మూడు టన్నుల తవుడు తీసుకోబోతే సరుకు చాలదని తెర మొరాయించింది. బస్తాలు ఎదురుగా కనబడుతున్నాయి. మర ఆపలేడు కదా, కాగితం మీద రాసుకుని సరుకు తీసుకెళ్లాడు, ఎంట్రీ తరవాత చూసుకుందామన్నాడు. కొనుగోళ్ల విభాగం రిపోర్టులో తవుడు అయిపోయినట్టు కనిపించింది, ఇంకో లారీకి ఆర్డరు పెట్టారు. పది రోజుల తరవాత 20,000 కిలోలకు బిల్లు వచ్చింది. అకౌంట్స్‌లో దాన్ని ఎక్కిస్తే, అందిన సరుకు కంటే బిల్లు మరీ ఎక్కువగా ఉందని కంప్యూటరు చెల్లింపు ఆపేసింది. ఆ సరఫరాదారు ఒక చిన్న రైస్ మిల్లు యజమాని. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఇవ్వాల్సిన డబ్బు ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతుంది. ఆ గడువు నడుస్తూనే ఉంటుంది. అసలు తరుగు 360 కిలోలు, అంటే 5,400 రూపాయల డెబిట్ నోటుతో తేలిపోవాల్సిన సంగతి. ఆ నిజమైన తరుగు ఈ గందరగోళంలో ఎవరికీ కనబడలేదు.

ఇందులో అందరూ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆర్డరు కంటే ఎక్కువ పరిమాణం వేస్తే, అనుమతించిన హద్దు దాటగానే వ్యవస్థ ఎర్ర అక్షరాలతో ఆపుతుంది. తక్కువ వేస్తే మామూలుగా ఆపదు. మిగతా సరుకు ఇంకో లారీలో వస్తుందనుకుని ఆర్డరును తెరిచి ఉంచుతుంది. వ్యాపారంలో సరుకు విడతలుగా రావడం సహజం కనుక అలా పెట్టడం న్యాయమే. కానీ తప్పు అటువైపు జరిగితే కాపలా ఉండదు. అక్కడ ఉండే కాపలా ఆ గుమాస్తా కన్ను ఒక్కటే. శిక్షణ ఇవ్వాల్సింది ఆ కంటికి.

ఆయనకు శిక్షణ ఇచ్చారు కూడా. మూడు రోజులు కాన్ఫరెన్స్ హాల్లో ప్రొజెక్టరు పెట్టి, నలభై మందిని కూర్చోబెట్టి, మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ మాడ్యూలు మొత్తం చూపించారు. కొనుగోలు ప్రతిపాదన మొదలు సరఫరాదారుల రేట్ల పోలిక, ఒప్పందాలు, దిగుమతులు, బిల్లుల పరిశీలన వరకూ అన్నీ వచ్చాయి. ఆయన పనికి పనికొచ్చేది ఆ మూడు రోజుల్లో నలభై నిమిషాలు. అది కూడా ఎవరో మౌస్ కదిలిస్తుంటే చూడటమే తప్ప ఆయన చెయ్యి కీబోర్డు మీద పడలేదు. హాజరు పట్టీలో సంతకం మాత్రం పడింది.

పాత్రలు విడదీయడం

సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు దాన్ని మాడ్యూళ్లుగా చూస్తారు, ఎందుకంటే అది అలా తయారైంది. పనిచేసేవాళ్లకు మాడ్యూలుతో పని లేదు. లారీ వస్తే ఏం చెయ్యాలి, కెమిస్టు సరుకు తిప్పి కొడితే ఏం చెయ్యాలి, నిన్న తప్పు ఎక్కించినది ఇవాళ ఎలా దిద్దాలి, ఇవీ వాళ్ల ప్రశ్నలు. అందుకే శిక్షణ పథకం రాసేటప్పుడు మొదటి కాగితం మీద మాడ్యూళ్ల పేర్లు ఉండకూడదు. నిలువు వరుసలో మనుషులు, అడ్డు వరుసలో వాళ్లు రోజూ చేసే పనులు ఉండాలి.

హోదా, పాత్ర ఒకటి కావని ఇక్కడే తెలుస్తుంది. ఒకే స్టోర్ కీపరు హోదాలో ఉన్న ఇద్దరిలో ఒకాయన పగటి పూట సరుకు దించుకునే పని మాత్రమే చూస్తాడు. రెండో ఆయన రాత్రి షిఫ్టులో ఒంటరిగా ఉంటాడు కాబట్టి కాటా చీటీ, సరుకు రాక, ఉత్పత్తికి సరుకు ఇవ్వడం మూడూ చేస్తాడు. హాజరు రిజిస్టరు చూసి పాత్రలు రాస్తే ఈ తేడా దొరకదు. ప్రతి షిఫ్టులోనూ ఒక రోజు కూర్చుని ఎవరు ఏం చేస్తున్నారో చూసి రాసుకోవాలి. ఈ పనిని తొందరగా ముగించే కంపెనీలే తరవాత ఎక్కువ నష్టపోతాయని నా అభిప్రాయం.

మన మిల్లులో స్టోర్స్ గుమాస్తా పాత్రకు వచ్చేవి ఆరు పనులు. లారీ సరుకును ఆర్డరు మీద జమ చేసుకోవడం, తప్పు జమను రద్దు చేయడం, పనికిరాని సరుకును సరఫరాదారుకు తిప్పి పంపడం, ఉత్పత్తికి ఇవ్వడం, ఒక గోదాము నుంచి ఇంకో గోదాముకు మార్చడం, నిల్వ ఎంతుందో చూసుకోవడం. ఎస్ఏపీలో వీటికి అంకెల గుర్తులున్నాయి: జమకు 101, రద్దుకు 102, తిప్పి పంపడానికి 122, ఉత్పత్తి ఆర్డరుకు ఇవ్వడానికి 261, గోదాము మార్పుకు 311. ఈ ఆరు పనులకూ నాలుగు పూటల సాధన చాలు. మిగతా మాడ్యూలు ఆయనకు చెప్పాల్సిన అవసరం లేదు.

ఒకటి మాత్రం అదనంగా చెప్పాలి. ఆయన నొక్కిన Post తరవాత ఆ అంకె ఎవరెవరి తెర మీదికి వెళుతుందో చూపించాలి. సరుకు జమ కాగానే అకౌంట్స్ పుస్తకంలో నిల్వ ఖాతాకు ఒక ఎంట్రీ, బిల్లు రావాల్సిన ఖాతాకు ఇంకో ఎంట్రీ ఆ క్షణమే పడతాయి. గుమాస్తాను అకౌంట్స్ ఉద్యోగి పక్కన ఒక పూట కూర్చోబెట్టి, తాను వేసిన 400 అక్కడ 6,000 రూపాయలై కనిపించడం చూపిస్తే చాలు. ఆ తరవాత KG అనే రెండు అక్షరాలు ఆయన కంటికి తప్పకుండా ఆనతాయి.

సాధనకు విడి చోటు

చెయ్యి తిరగాలంటే తప్పు చేయగలిగే చోటు ఉండాలి. నిజమైన పుస్తకాల్లో తప్పు చేయనివ్వలేం కనుక, అచ్చం అలాంటిదే ఇంకో వ్యవస్థను సాధన కోసం నిలబెడతారు. దాన్ని శాండ్‌బాక్స్ అంటున్నారు. ఇక్కడ చాలా కంపెనీలు పొరబడతాయి. సాంకేతిక బృందాల భాషలో శాండ్‌బాక్స్ అంటే కన్సల్టెంట్లు కొత్త అమరికలు పెట్టి చూసుకునే ప్రయోగశాల. అందులో నిన్న ఉన్న గడి ఇవాళ ఉండదు. గుమాస్తాలను తీసుకెళ్లి అందులో కూర్చోబెడితే పొద్దున్న నేర్చుకున్నది మధ్యాహ్నానికి పనిచేయదు, తప్పు తమదే అనుకుంటారు. సాధన చోటు విడిగా ఉండాలి. పరీక్షలు పూర్తయి, అమరికలు స్థిరపడ్డాక తీసిన నకలు కావాలి. అసలు వ్యవస్థలో తరవాత ఏ చిన్న మార్పు జరిగినా అది ఇక్కడికీ రావాలి.

నకలు తీసినంత మాత్రాన సరిపోదు, లోపల సరుకు నింపాలి. సరుకు జమ నేర్చుకోవాలంటే జమ చేయడానికి ఆర్డరు కావాలి. ఒక ఆర్డరు మీద సరుకు మొత్తం ఒకసారి జమ అయితే అది అయిపోయినట్టే. తొమ్మిది మంది గుమాస్తాలు, మనిషికి అయిదు అభ్యాసాలు అనుకుంటే 45 ఆర్డర్లు ముందుగా తయారు చేసి, ఎవరి నంబర్లు వాళ్లకు చీటీ మీద రాసివ్వాలి. ఇలా చేయని చోట రెండో వరుసలో కూర్చున్నవాళ్లకు మొదటి గంటలోనే ఎర్ర అక్షరాలు ఎదురవుతాయి. పక్కవాళ్లు తమ ఆర్డరు వాడేశారని వాళ్లకు తెలియదు. ప్రతి బృందం వెళ్లిపోయాక వ్యవస్థను మళ్లీ మొదటి స్థితికి తేవాలి. ఆ పనికి గంటలు పడుతుంది కాబట్టి రాత్రిళ్లు చేస్తారు. ఎవరు చేయాలో, ఏ రాత్రి చేయాలో పథకంలోనే రాసి ఉండాలి.

సరుకుల పేర్లు, గోదాముల పేర్లు నిజమైనవే ఉండాలి. తవుడు, సోయా, చేప పొడి అని కనబడితే చెయ్యి సులువుగా నడుస్తుంది, మెటీరియల్ 1, మెటీరియల్ 2 అని కనబడితే నడవదు. మనుషుల వివరాలు మాత్రం నిజమైనవి ఉండకూడదు. సరఫరాదారుల బ్యాంకు ఖాతాలు, పాన్ నంబర్లు, ఉద్యోగుల జీతాలు చెరిపేసి ఉత్తుత్తి అంకెలు పెట్టాలి.

అలాగే బయటికి వెళ్లే దారులన్నీ మూసేయాలి. అసలు వ్యవస్థ నుంచి నకలు తీసినప్పుడు ఈమెయిలు అమరికలు కూడా నకలవుతాయి. సాధనలో పెట్టిన ఉత్తుత్తి ఆర్డరు నిజమైన సరఫరాదారుకు మెయిల్‌గా వెళ్లిందంటే అతను లారీ బయల్దేరదీస్తాడు. బ్యాంకు చెల్లింపుల దారి, జీఎస్టీ ఈ-ఇన్వాయిస్ దారి కూడా అంతే. ఈ-ఇన్వాయిస్ కోసం నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ విడిగా ఒక పరీక్షా వేదికను నడుపుతోంది. సాధన వ్యవస్థను దానికే కలపాలి, లేదా ఆ దారిని పూర్తిగా ఆపాలి. తెర రంగు కూడా మార్చాలి. ఎస్ఏపీలో ఒక్కో వ్యవస్థకు ఒక్కో రంగు పెట్టుకునే వీలుంది. సాధన తెర ఎర్రగా, అసలు తెర నీలంగా ఉంటే ఎవరు ఎక్కడున్నారో చూడగానే తెలుస్తుంది.

సాధనకు ఇచ్చే లాగిన్ల విషయంలో ఒక దురలవాటు ఉంది. గొడవ లేకుండా ఉంటుందని అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేస్తారు. దానివల్ల గుమాస్తా తనకు అసలులో అందని తెరలన్నీ ఇక్కడ తెరిచి చూస్తాడు. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి. నిజంగా ఆయనకు అవసరమైన ఒక అనుమతి పాత్రలో చేర్చడం మరిచిపోయి ఉంటే ఆ సంగతి మొదటి రోజు రాత్రి లారీ గేటు దగ్గర నిలబడినప్పుడు గానీ బయటపడదు. సాధన లాగిన్‌కు అసలు పాత్ర అనుమతులే ఇస్తే ఇలాంటి లోటు ముందే దొరుకుతుంది. అనుమతి లేదని తెర చెప్పగానే SU53 అని కొడితే ఏ అనుమతి లేదో కనిపిస్తుంది. ఆ తెరను ఫొటో తీసి పంపితే సాంకేతిక బృందం అయిదు నిమిషాల్లో పట్టుకుంటుంది.

ఇక అభ్యాసాలు ఎలా ఉండాలి? అన్నీ సవ్యంగా జరిగే అభ్యాసం ఒక్కటి చాలు. మిగతావన్నీ తేడా వచ్చేవై ఉండాలి. మిల్లు పాత చలానుల కట్ట విప్పితే అలాంటివి కావలసినన్ని దొరుకుతాయి. చలానులో బస్తాలు, కాటా చీటీలో కిలోలు ఉన్న లారీ మొదటిది. 20,000 కిలోల ఆర్డరు మీద 22,000 వచ్చిన లారీ రెండోది. అక్కడ కంప్యూటరు ఆపుతుంది, గుమాస్తా చేయాల్సింది కొనుగోళ్ల విభాగానికి ఫోను చేసి ఆర్డరు సవరించమని అడగడం. 20,000 జమ చేసి మిగతా 2,000 కిలోలను గోదాము మూలన పెట్టేయడం కాదు. తేమ ఎక్కువని కెమిస్టు 60 బస్తాలు పక్కన పెట్టించిన లారీ మూడోది. ఆర్డరు నంబరే లేని చలాను నాలుగోది. నిన్నటి తప్పును దిద్దడం అయిదోది.

అయిదో అభ్యాసం దగ్గర ఎక్కువసేపు ఆగాలి. 400 కిలోలని తప్పు జమ అయ్యాక చాలామందికి వచ్చే ఆలోచన, మిగిలిన 19,240 కిలోలను ఇంకో జమగా వేసేద్దామని. మొత్తం సరిపోతుంది కూడా. కానీ ఒక లారీకి రెండు పత్రాలవుతాయి, నాణ్యత పరీక్షకు రెండు నమూనాలు పుడతాయి, కాటా చీటీతో ఏదీ సరిపోలదు. సరైన పద్ధతి, మొదటి పత్రం నంబరు ఇచ్చి 102తో రద్దు చేసి, 19,640ని 101తో కొత్తగా జమ చేయడం. దీనిలోనూ ఒక చిక్కుంది. ఆ 400 కిలోలు ఈలోపు ఉత్పత్తికి ఇచ్చేసి ఉంటే రద్దు చేయడానికి నిల్వ లేదని కంప్యూటరు ఒప్పుకోదు. ముందు ఆ ఇచ్చిన దాన్ని వెనక్కి తిప్పాలి, ఆ తరవాత జమను రద్దు చేయాలి, మళ్లీ రెండూ వరుసగా వేయాలి. తప్పు ఎంత తొందరగా పట్టుకుంటే దిద్దడం అంత తేలిక అని చెవికి చెబితే నిలవదు. సాధనలో ఒకసారి ఈ నాలుగు మెట్లూ తనే ఎక్కిన మనిషి Post ముందు ఆగి చూసుకుంటాడు.

ఈ సాధన ఎప్పుడు జరగాలన్నది కూడా తేల్చుకోవాలి. నేర్చుకున్నది వాడకపోతే మొదటి రోజుల్లోనే వేగంగా జారిపోతుందని హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన ప్రయోగాలతో చూపించాడు. రెండు నెలల ముందు శిక్షణ ఇస్తే అది ఇవ్వనట్టే. కొత్త వ్యవస్థ మొదలయ్యే చివరి మూడు వారాల్లో పెట్టి, ఆ తరవాత మొదలయ్యే రోజు దాకా సాధన తెరను ప్రతి షిఫ్టులోనూ తెరిచి ఉంచాలి.

పక్కన నిలబడే మనిషి

ప్రతి విభాగంలోనూ కాస్త ముందుగా, కాస్త లోతుగా నేర్చుకుని తోటివాళ్లకు చెప్పే మనిషిని సూపర్ యూజర్ అంటున్నారు. పది పదిహేను మందికి ఒకరు కావాలి. మిల్లు లాంటి చోట ఆ లెక్క కంటే షిఫ్టు లెక్క ముఖ్యం. స్టోర్స్‌లో తొమ్మిది మందే ఉన్నా, రాత్రి లారీలు వస్తాయి కాబట్టి మూడు షిఫ్టులకూ ముగ్గురు ఉండాలి. పగలు మాత్రమే ఉండే సూపర్ యూజర్ రాత్రి పదకొండున్నర లారీకి పనికిరాడు.

ఎవరిని ఎంచుకోవాలన్న దగ్గర విభాగాధిపతులు సాధారణంగా రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. పనిలో అంతగా అక్కరలేని మనిషిని పంపిస్తారు, లేదా కంప్యూటరు చకచకా కొట్టే కొత్త కుర్రాణ్ని పంపిస్తారు. ఇప్పుడు ఏదైనా సందేహం వస్తే జనం ఎవరి బల్ల దగ్గరికి వెళుతున్నారో చూడాలి. ఆ మనిషే సరైన ఎంపిక. ఆయన టైపింగు నెమ్మదైనా పర్వాలేదు. తవుడు లారీకి తరుగు ఎందుకొస్తుందో తెలిసినవాడికి తెర నేర్పడం వారం పని. తెర తెలిసినవాడికి తవుడు సంగతి నేర్పడం ఏళ్ల పని.

ఈ మనుషులు శిక్షణ రోజుల్లో కాదు, అంతకు ముందు పరీక్షల దశలోనే చేరాలి. కన్సల్టెంట్లు తయారుచేసిన తెరల మీద పాత చలానులతో నిజమైన పని నడిపి చూడాలి. సాధనకు వాడే అయిదు అభ్యాసాలు వాళ్లే రాయాలి. ఒక పేజీ చీటీ కూడా వాళ్లే తెలుగులో రాసి కీబోర్డు పక్కన అతికించాలి. తెర మీద ఇంగ్లీషు పదాలు ఎలా ఉన్నాయో అలాగే పెట్టి, చెయ్యాల్సింది మాత్రం తెలుగులో. "Qty గడిలో కాటా చీటీ నికర బరువు వెయ్యండి. పక్కన KG ఉందో లేదో చూడండి. బస్తాల లెక్క Text గడిలో రాయండి." ఇంతకు మించి రాస్తే ఎవరూ చదవరు.

దీనికంతా సమయం కావాలి. చివరి ఆరు నుంచి ఎనిమిది వారాలు సూపర్ యూజర్ పనిలో సగమైనా ఇంకొకరు చేయాలి. ఆ ఇంకొకరి పేరు పథకంలో రాసి లేకపోతే సూపర్ యూజర్ ఉన్నది కాగితం మీదేనని తేలిపోతుంది. పగలంతా తన పని చేసుకుని, సాయంత్రం తోటివాళ్లకు నేర్పి, రాత్రి ఫోన్లు ఎత్తే మనిషి రెండు వారాల్లో అలసి పోతాడు.

మొదలైన రోజు నుంచి ఆయన ఎలా ఉండాలో చెప్పే నియమాలు రెండే. మౌస్ ముట్టుకోకూడదు. తన పాస్‌వర్డు ఇవ్వకూడదు. రెండూ పాటించడం కష్టం, ఎందుకంటే గేటు దగ్గర లారీ హారన్ కొడుతుంటుంది. 

"ఏరా అబ్బాయ్, నువ్వే ఓసారి కొట్టెయ్, నా వల్ల కావట్లేదు," అంటాడు పెద్ద వయసు గుమాస్తా.

"నేను కొడితే రేపు మళ్లీ నన్నే పిలుస్తారు బాబాయ్. మీరు కొట్టండి, నేను పక్కనే ఉంటాను. ఆ అంకె పక్కన ఏముందో చదవండి."

"కేజీ అనుంది."

"మరి మీ చేతిలో చీటీ ఏది?"

ఇలాంటి నాలుగు మాటలు ఆ రాత్రికి పది నిమిషాలు ఆలస్యం చేస్తాయి. సూపర్ యూజరే కొట్టేస్తే తొమ్మిది మంది పని ముగ్గురి మీద పడుతుంది, ఆ ముగ్గురిలో ఒకరు సెలవు పెట్టిన రోజు గోదాము ఆగుతుంది. పాస్‌వర్డు ఇస్తే ఏ ఎంట్రీ ఎవరు వేశారన్న సంగతే పోతుంది. సరుకు తీసుకునేవారు, ఆర్డరు పెట్టేవారు, డబ్బు చెల్లించేవారు వేరువేరుగా ఉండాలన్న కట్టుబాటు కూడా దానితో పోతుంది. అందుకే సూపర్ యూజర్‌కు కూడా అదనపు అనుమతులు ఇవ్వకూడదు. ఆయనకు ఉండాల్సింది తెలివిడి, అధికారం కాదు.

ఆయన చేసే ఇంకో పని, వచ్చిన ప్రతి ఇబ్బందినీ మూడింటిలో దేనికి చెందుతుందో తేల్చడం. చెయ్యడం తెలియకపోతే తనే అక్కడికక్కడ నేర్పుతాడు. అనుమతి లేకపోతే SU53 ఫొటోతో సాంకేతిక బృందానికి పంపుతాడు. వ్యవస్థలో సమాచారమే తప్పుగా ఉంటే దాన్ని చూసే విభాగానికి చెబుతాడు. మొదటి నెల రోజూ పావుగంట సేపు సూపర్ యూజర్లందరూ కలిసి ఈ జాబితా చదువుకోవాలి.

మూడో రకం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే శిక్షణతో నయం కాని తప్పులు ఇక్కడే ఉంటాయి. ఒకే తప్పు ముగ్గురు చేశారంటే మనుషులను మళ్లీ తరగతికి పంపే ముందు తెరను అనుమానించాలి. కొన్ని తవుడు ఆర్డర్లు బస్తాల్లో, కొన్ని కిలోల్లో పెడుతుంటే గుమాస్తా ఎంత శ్రద్ధగా ఉన్నా ఏదో ఒక రోజు పొరపడతాడు. బస్తా అంటే 50 కిలోలని వ్యవస్థలో రాసిపెట్టుకోవచ్చు గానీ, మన బస్తాలు కచ్చితంగా 50 తూగవు. ముడి సరుకు ఆర్డర్లన్నీ కిలోల్లోనే పెట్టాలని కొనుగోళ్ల విభాగం నిర్ణయిస్తే సగం సమస్య పోతుంది. కాటా యంత్రాన్ని నేరుగా ఈఆర్పీకి కలిపితే అంకె టైపు చేసే పనే తప్పుతుంది.

అమెరికాలో చాక్లెట్లు చేసే హెర్షీ కంపెనీ కథ ఈ రంగంలో అందరూ చెప్పుకునేదే. నాలుగేళ్లు పడుతుందన్న ప్రాజెక్టును రెండున్నరేళ్లకు కుదించి, 1999 జులైలో ఎస్ఏపీతో పాటు ఇంకో రెండు కంపెనీల సాఫ్ట్‌వేర్లను ఒకేసారి మొదలుపెట్టారు. అప్పటికే హాలోవీన్ పండుగ ఆర్డర్లు వచ్చి పడుతున్నాయి. గోదాముల్లో చాక్లెట్లు ఉన్నాయి, దుకాణాలు అడుగుతున్నాయి, కానీ పదికోట్ల డాలర్ల మేర ఆర్డర్లను వాళ్లు పంపలేకపోయారు. ఆ దెబ్బకు కారణాలు చాలా ఉన్నాయి, శిక్షణ లోపం ఒక్కటే అనడం న్యాయం కాదు. పరీక్షలకూ సాధనకూ ఉండాల్సిన సమయాన్ని కోసేసి, ఏడాదిలోకెల్లా రద్దీ నెలల ముంగిట మొదలుపెట్టారన్నది మాత్రం స్పష్టం. అదే కంపెనీ 2002లో తరవాతి వెర్షన్‌కు పెద్ద ఇబ్బంది లేకుండా మారింది.

మన ప్రాంతానికి తగినట్టు చెప్పాలంటే, మేత మిల్లు రొయ్యల సీజను నడిమధ్య మారకూడదు. నూనె మిల్లు పంట దిగే నెలల్లో మారకూడదు.

శిక్షణ పనిచేసిందో లేదో హాజరు పట్టీ చెప్పదు. అభిప్రాయాల ఫారాలు అసలే చెప్పవు. లారీ కాటా దిగిన సమయానికీ, సరుకు జమ అయిన సమయానికీ మధ్య ఎంత తేడా ఉందో చూడాలి. రెండు గంటలుంటే బాగుంది. రెండు రోజులుంటే ఎక్కడో కాగితం మీద రాసి తరవాత ఎక్కిస్తున్నారని అర్థం. పరిమాణం తేడాతో ఆగిపోయిన బిల్లులు వారం వారం తగ్గుతున్నాయా చూడాలి. 102 రద్దులు ఎన్నో చూడాలి, కానీ ఆ అంకెను జాగ్రత్తగా చదవాలి. మొదటి వారంలో రద్దులు సున్నా ఉంటే సంతోషించాల్సిన పని లేదు. తప్పులు ఎవరూ పట్టుకోవడం లేదని, లేదా రెండో జమతో కప్పేస్తున్నారని అనుమానించాలి. మొదట పెరిగి ఆ తరవాత తగ్గే వరుసే ఆరోగ్యకరమైనది. పాత రిజిస్టరు ఇంకా బల్ల సొరుగులో నడుస్తోందా అన్నది కూడా చూడాలి. నడుస్తుంటే కోప్పడకుండా అందులో ఏం రాస్తున్నారో చదవాలి. కొత్త తెర ఇవ్వలేకపోతున్నది ఏమిటో ఆ రిజిస్టరే చెబుతుంది.

మొదలైపోయాక సాధన వ్యవస్థను తీసేయడం చాలా చోట్ల జరుగుతుంది, సర్వరు ఖర్చు మిగులుతుందని. ఆరు నెలల్లో ముగ్గురు గుమాస్తాలు మారతారు, ఇద్దరు వేరే విభాగానికి వెళతారు. అప్పుడు కొత్తవాళ్లు నేర్చుకునేది పక్కవాళ్ల తప్పులను చూసి, అదీ అసలు పుస్తకాల్లో. మూడు నెలలకొకసారి తాజా నకలుతో సాధన తెరను సజీవంగా ఉంచి, అందులో అయిదు అభ్యాసాలూ ఒంటరిగా పూర్తిచేసినవారికే అసలు లాగిన్ ఇవ్వాలి. అవసరమైతే ఒక గంట ఎక్కువ తీసుకోనివ్వండి, కానీ పక్కనుంచి ఎవరూ చెప్పకూడదు.

ఈఆర్పీ పెట్టబోతున్న యజమానులకు ఒక మనవి. కొత్త వ్యవస్థ మొదలుపెట్టే తేదీని ఖరారు చేసే సమావేశంలో సాంకేతిక బృందం సిద్ధమని చెప్పగానే సంతకం పెట్టకండి. రాత్రి షిఫ్టు గుమాస్తాల పేర్ల జాబితా తెప్పించుకోండి. ఒక్కొక్క పేరు ఎదురుగా అయిదు అభ్యాసాలూ పూర్తయినట్టు సూపర్ యూజర్ సంతకం ఉందా చూడండి. లేకపోతే తేదీ రెండు వారాలు వెనక్కి జరపండి.